పావు చుట్టు కుళాయికి వాషర్ పట్టదు

ప్రశ్న: బాత్రూం కుళాయి పావు చుట్టు తిప్పే రకం. ఎంత బిగించినా చుక్కలు కారుతున్నాయి. షాపువాళ్లిచ్చిన వాషర్ లోపల ఎక్కడా పట్టడం లేదు.

సమాధానం: ఆ వాషర్ రెండు మూడు చుట్లు తిప్పే పాతరకం కుళాయిలకండీ. మీదాంట్లో వాషర్ బదులు సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, అంటే ఇత్తడి తొడుగులో ఒకదానిమీద ఒకటి తిరిగి నీళ్లు ఆపే పింగాణీ బిళ్లలు. గట్టిగా బిగించినా లాభం లేదు, పిడి విరగొచ్చు.

ట్యాంకు వాల్వు కట్టేసి కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయండి. పిడి మీది మూత తీస్తే స్క్రూ కనిపిస్తుంది. పిడి ఊడాక ఇత్తడి కార్ట్రిడ్జ్‌ని స్పానర్‌తో విప్పండి. దాని అడుగున రబ్బరు రింగు ఉంటుంది. అది నలిగిపోయి ఉంటే ముందు రింగు ఒక్కటే మార్చి చూడండి, కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది. బోరు నీళ్ల ఇసుకకు లోపలి బిళ్లలు గీసుకుపోతే మాత్రం కొత్త కార్ట్రిడ్జ్ కొనాల్సిందే.

'అర అంగుళం కార్ట్రిడ్జ్' అని అడిగితే చాలదు. పాతది చేత్తో పట్టుకెళ్లండి. పిడి కూర్చునే చోట పళ్లు లెక్కపెట్టండి, 20 ఉన్నదానికి 24 పళ్లది పట్టదు. పొడవు, మరలు కూడా పక్కపక్కన పెట్టి చూడండి. తిరిగే దిశ మరవొద్దు: వేడినీళ్ల కుళాయిది తెస్తే పిడి తిరగబడి తెరుచుకోవచ్చు.