అన్నకు, అమ్మకు వేర్వేరు బెయిల్

"వదిన పెట్టిన వేధింపుల కేసులో అన్నను నిన్న అరెస్ట్ చేశారు. ఎఫ్ఐఆర్‌లో అమ్మ పేరూ ఉంది. ఇద్దరికీ ముందస్తు బెయిల్ వేయొచ్చా?"

అమ్మగారికి మాత్రమే వేయొచ్చండి. ముందస్తు బెయిల్ అరెస్ట్ కాకముందే అడగాలి. క్రిమినల్ కేసుల విధానం చెప్పే బీఎన్ఎస్ఎస్ చట్టం సెక్షన్ 482 కింద సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ వేస్తారు. అరెస్ట్ భయానికి ఆధారం చూపాలి, అందుకు ఎఫ్ఐఆర్ కాపీ జతచేయండి. పిటిషన్ వేసినంత మాత్రాన అరెస్ట్ ఆగదు, కాబట్టి తీర్పు వచ్చేదాకా మధ్యంతర రక్షణ కూడా అడగమని లాయర్‌కు చెప్పండి.

అన్నగారు కస్టడీలో ఉన్నారు కనుక ఆయనకు మామూలు బెయిలే. ముందు మేజిస్ట్రేట్ దగ్గర వేయండి, కొట్టేస్తే సెషన్స్‌కు వెళ్లొచ్చు.

ఇది మూడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసు. ఇలాంటి వాటిలో పోలీసులు సాధారణంగా ముందు, అరెస్ట్ చేయకుండా విచారణకు పిలిచే బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇవ్వాలి. అన్నగారికి ఇవ్వకపోతే బెయిల్ వాదనలో అది తప్పక చెప్పించండి. అమ్మగారికి నోటీసు వస్తే మాత్రం తప్పకుండా హాజరవ్వాలి, వెళ్లకపోతే అదే అరెస్ట్‌కు కారణమవుతుంది.