మీ అమ్మకు ఆ మెసేజ్ ఎలా రాయాలంటే

బుజ్జీ,

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. "అమ్మా, ఈసారి పిండివంటల్లో నూనె, తీపి తగ్గించు. నాన్నకు షుగర్ కదా" అని రాశావు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇలాగే పంపితే మా చెల్లి "సరేలే తల్లీ" అంటుంది, పండక్కి ఎప్పటిలాగే చేస్తుంది. ఎక్కడ, ఎంత తగ్గించాలో నువ్వు చెప్పలేదు. నలభై ఏళ్లుగా చేస్తున్న చేతికి "తగ్గించు" అంటే "నీకు చేతకాదు" అన్నట్టే వినిపిస్తుంది.

ముందు అరిసెల సంగతి. వాటిలో బెల్లం తగ్గించమని అడగకు. మీ పెదనాన్నకు షుగర్ అని తెలిసిన ఏడాది నేను ఆ పనే చేశాను. కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం వేసేదాన్ని, ఆ ఏడు అరకిలోతో పాకం పట్టాను. పిండంతా ఆ కాస్త పాకంలోనే కలిపేసరికి ముద్ద పొడిబారింది. ఆకు మీద వత్తుతుంటే అంచులు పగిలాయి. మూకుట్లో వేశాక ఆ పగుళ్లలోంచి నూనె లోపలికి పోయింది. బెల్లం తగ్గించబోయి నూనె పెంచుకున్నాను. అరిసెను పట్టి ఉంచేది పాకమే, దాని లెక్క దానికి ఉంటుంది.

అరిసెల్లో తగ్గేది నూనె. అది చెక్కల దగ్గర తగ్గుతుంది. మూకుట్లోంచి తీసిన అరిసెను ఆ వేడి మీదే రెండు చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కితే నూనె అంచుల వెంట ధారగా కారి మళ్లీ మూకుట్లో పడుతుంది. అర నిమిషం ఆలస్యమైతే అంత రాదు. మీ అమ్మ ఒక్కతే వత్తి, వేయించి, నొక్కుతోంది కాబట్టి నాలుగైదు తీసి పళ్లెంలో పడేసి ఆ తర్వాత నొక్కుతోంది. పోయినేడు కళ్లారా చూశాను. ఇది ఆమె తప్పు కాదు, పక్కన ఇంకో మనిషి లేకపోవడం.

నువ్వు అడగాల్సింది బొబ్బట్ల గురించి. గ్లాసు శనగపప్పుకు మీ అమ్మ గ్లాసు బెల్లం వేస్తుంది. ముప్పావు గ్లాసు వేస్తే రుచి చెడదు. పైగా పూర్ణం గట్టిగా నిలుస్తుంది, ఉండ చక్కగా కడుతుంది. బెల్లం ఎక్కువైతేనే పూర్ణం జారి, వత్తేటప్పుడు పై పిండిని చీల్చుకుని బయటికొస్తుంది. పప్పు నీళ్లు పూర్తిగా వంచేసి, యాలకులు ఇంకో రెండు దంచి వేస్తే తీపి తగ్గిన సంగతి తినేవాళ్లకు తెలియదు. పెనం మీద రెండు వైపులా నూనె పోయకుండా, దించే ముందు పైన ఒక్క చెంచా నెయ్యి రాస్తే చాలు. పండగ వాసన ఆ నెయ్యిదే.

సున్నుండల జోలికి పోకు. నెయ్యి తగ్గితే ఉండ కట్టదు. చిన్నవిగా చుట్టమను, అంతే.

ఇంకొక్కటి. "చక్కెర కాదుగా, బెల్లమేగా" అని మీ నాన్న ఇంకో బొబ్బట్టు వేసుకుంటాడు. బెల్లం కూడా రక్తంలో షుగర్‌ను దాదాపు చక్కెరలాగే పెంచుతుంది. ఈ మాట మీ అమ్మకు రాయకు, నాన్నకు ఫోన్ చేసి నువ్వే చెప్పు. ఆయన తిండికి ఆమెను జవాబుదారీ చేస్తే ఆమెకు పండగంతా టెన్షనే.

మెసేజ్ ఇలా రాసి చూడు:

"అమ్మా, బొబ్బట్లు తలచుకుంటేనే నోరూరుతోంది. ఈసారి ఒక వాయి పూర్ణంలో బెల్లం ముప్పావు గ్లాసే వేసి చూస్తావా? పెనం మీద నూనె లేకుండా, చివర్లో నెయ్యి రాయి. నాన్నకు ఆ వాయిలోవే పెట్టు. నేను కూడా ఇక్కడ అదే కొలతతో చేస్తాను. పూర్ణం ఎలా కుదిరిందో ఇద్దరం వీడియో కాల్‌లో చూసుకుందాం. అరిసెలు మాత్రం నీ పద్ధతిలోనే చెయ్యి."

"ఒక వాయి" అన్న మాట తీసేయకు. ఒక వాయి చేసి చూడమంటే ఆమె కాదనదు. కుదిరితే మిగతావి తనే మారుస్తుంది. ఇది ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు, అత్తల ముందు చెప్పినట్టు ఉంటుంది. డాక్టర్ల వీడియోలు జత చేయకు. పండక్కి పది రోజుల ముందే, ఆమె బెల్లం తెప్పించుకోకముందే పంపు.

అరిసెల రోజు పొద్దున్నే నేను మీ ఇంటికి వెళ్తాను. చెక్కలు నేను పట్టుకుంటాను. ఆ సంగతి ఆమెకు చెప్పకు, ఊరికే చూడ్డానికి వచ్చాననుకోనీ.

మీ పెద్దమ్మ