డెబ్బై అయిదు లక్షల గీత

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

చేతిలో 6 లక్షలున్నాయనీ, నువ్వూ కోడలూ కలిసి నెలకు 45 వేలు దాస్తున్నారనీ, బెంగళూరులో మారతహళ్లి వైపు ఇప్పుడు 80 లక్షలు పలుకుతున్న పాత ఫ్లాట్ లాంటిది మూడేళ్లలో కొనాలనుకుంటున్నారనీ రాశావు. ఈనాటి ధర మీదైతే నీ లెక్క సరిపోతుంది. బ్యాంకు 80 శాతం, అంటే 64 లక్షలు ఇస్తుంది. మీరు 16 లక్షలు పెట్టుకోవాలి. దానికి రిజిస్ట్రేషన్ ఖర్చు కలుపు. కర్ణాటకలో స్టాంపు డ్యూటీ సెస్సు, సర్‌చార్జీలతో కలిపి 5.6 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం చేశారు. రెండూ కలిపి 6 లక్షల పైచిలుకు. ఇంటి విలువ కట్టేటప్పుడు బ్యాంకు ఈ ఖర్చును కలుపుకోదు కాబట్టి ఇది పూర్తిగా మీ జేబులోంచే పోవాలి. మొత్తం 22 లక్షలు. పన్ను పోగా 5 శాతం వడ్డీ వచ్చినా, మూడేళ్లకు మీ దగ్గర 24.4 లక్షలు చేరతాయి.

చిక్కంతా ఆ మూడేళ్లలోనే ఉంది. ధర ఏటా 7 శాతం పెరుగుతుందనుకుందాం. ఫ్లాట్ మొదటి ఏడు చివర 85.6 లక్షలు, రెండో ఏడుకు 91.6, మూడో ఏడుకు 98 అవుతుంది. మీరు పోగెయ్యాల్సింది కూడా అదే 7 శాతం చొప్పున పెరుగుతుందని అనిపిస్తుంది. రెండేళ్ల దాకా అలాగే పెరుగుతుంది: 22 నుంచి 23.6కు, తర్వాత 25.3కు. మూడో ఏడు మాత్రం ఒక్కసారిగా 30.4కు ఎగబాకుతుంది.

ఎందుకంటే, రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకూ ఉన్న గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం ఇవ్వొచ్చు. రుణం 75 లక్షలు దాటితే 75 శాతమే. ఇంటి ధర 93.75 లక్షలు కాగానే 80 శాతం రుణం సరిగ్గా 75 లక్షలవుతుంది. అక్కణ్నుంచి ధర కోటికి చేరేదాకా రుణం ఒక్క రూపాయి కూడా పెరగదు. పెరిగిన ప్రతి రూపాయీ నువ్వే పెట్టుకోవాలి. నీ ఫ్లాట్ మూడో ఏడు ఈ సందులోనే చిక్కుకుంటుంది. ఆ ఒక్క ఏడాదిలో కావలసిన సొమ్ము 5 లక్షల పైన పెరిగింది కదా, దాన్ని నెలలకు పంచి చూడు: 43 వేలు. అంటే ఆ ఏడు మీరు దాచేదంతా దాదాపుగా ఉన్నచోట ఉండటానికే సరిపోతుంది. నాలుగో ఏడు దాకా ఆగినా మీ దగ్గర 31.2 లక్షలుంటే, కావలసింది 34.2 అవుతుంది.

కాబట్టి నా మాట: ఎంత దాచాలన్నది కాదు, ఏ ధర ఇల్లు చూడాలన్నది ముందు తేల్చుకోండి. ఇప్పుడు 70 లక్షలున్న ఫ్లాట్ అదే వేగంతో పెరిగితే మూడేళ్లకు 85.8 లక్షలవుతుంది. గీత దాటదు. డౌన్ పేమెంటూ రిజిస్ట్రేషనూ కలిపి 23.7 లక్షలు చాలు. మీ 24.4 లక్షల్లో అది ఇమిడిపోతుంది, ఇంటి మార్పు ఖర్చులకు కాస్త మిగులుతుంది కూడా. 80 లక్షలదే కావాలంటే నెలకు 60 వేలకు పైగా దాచాలి, లేదా రెండేళ్లలోనే ముగించాలి. రెండేళ్లలో అంటే నెలకు 74 వేలు. ఇద్దరి జీతాల్లో అద్దె పోగా అంత మిగులుతుందో లేదో కోడలితో కూర్చుని చూసుకో.

7 శాతం నేను పెట్టుకున్న అంకె మాత్రమే. మీరు చూసే వీధిలో అసలు వేగం ఎంతో మీరే కనుక్కోవాలి. ప్రకటనల్లో అడిగే ధర నమ్మొద్దు. అదే అపార్టుమెంటులో పోయినేడూ ఈ ఏడూ నిజంగా చేతులు మారిన రెండు మూడు ఫ్లాట్ల ధర చదరపు అడుగుకెంత పడిందో అసోసియేషన్‌లో వాకబు చెయ్యి. నగరం మొత్తం పోకడకు నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మూడు నెలలకోసారి ఇచ్చే రెసిడెక్స్ సూచీ చూడు. ఏటా ఉగాదికి కొత్త ధరతో ఈ లెక్క మళ్లీ వెయ్యి. వేగం 9 శాతం అని తేలితే ఆ 70 లక్షల ఇల్లు కూడా మూడేళ్లకు 90 లక్షలు దాటి గీతకు దగ్గరవుతుంది. అప్పుడు గడువన్నా తగ్గించాలి, ఇల్లన్నా మార్చాలి.

డబ్బు మూడేళ్లలో కావాలి గనుక షేర్లలో పెట్టొద్దు. అవి పడిన ఏడాదే ఇల్లు దొరికితే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. 6 లక్షలు ఎఫ్‌డీలో, నెల నెలా వేసేది రికరింగ్ డిపాజిట్‌లో ఉంచండి. జీతాలు పెరిగిన నెలలోనే ఆర్‌డీ మొత్తం కూడా పెంచండి.

ఇంకొక్కటి. చివర్లో రెండు మూడు లక్షలు తగ్గాయని పర్సనల్ లోన్ మాత్రం తియ్యకు. దాని ఈఎంఐని బ్యాంకు మీ ఆదాయంలోంచి తీసేసి చూస్తుంది, గృహరుణం అంతకు ఎక్కువే కోసుకుపోతుంది. అలాగే అమ్మేవాళ్లు కొంత నగదుగా అడిగితే ఒప్పుకోకు. తప్పుపనే కాక, అగ్రిమెంటులో ధర తగ్గితే రుణమూ తగ్గుతుంది. ఆ నగదు మళ్లీ మీరు దాచిన 24 లక్షల్లోంచే తియ్యాలి.

ఇట్లు,
మీ బాబాయి