ఆపరేషన్ లేకుండా మొలలు శాశ్వతంగా పోతాయా?

“రోడ్డు పక్క బోర్డుల మీద ‘ఆపరేషన్ లేకుండా మొలలు శాశ్వతంగా మాయం’ అని రాస్తున్నారు. నమ్మొచ్చా? ఎవరికి చూపించుకోవాలి?”

‘ఆపరేషన్ లేకుండా’ అన్నది చాలామందికి నిజమే. తేడా అంతా ‘శాశ్వతంగా’ దగ్గరే. బయటికి రాని, లేదా వచ్చినా వాటంతటవే లోపలికి పోయే మొదటి రెండు గ్రేడుల మొలలు పీచు, నీళ్లు పెంచి, ముక్కడం మానేస్తే చాలావరకు సర్దుకుంటాయి. లేదంటే మొల ఎండి రాలిపోయేలా దాని మొదట్లో రబ్బరు బ్యాండు వేస్తారు. మలబద్ధకం తిరిగొస్తే మళ్లీ రావచ్చు. రక్తం మధ్యమధ్యలో దానంతటదే ఆగుతుంది, ఆ పేరు మాత్రం క్లినిక్‌కి!

ప్రాక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో లోపల చూడకుండానే ఇంజక్షన్ అంటే లేచి వచ్చేయండి. రక్తం పడేది ఫిషర్ అనే మలద్వారపు చీలిక వల్లో, పేగు క్యాన్సర్ వల్లో కూడా కావచ్చు. 45 దాటినా, మలవిసర్జన తీరు మారినా పెద్దపేగు లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ అవసరమా అని అడగండి. ఎమ్మెస్ చేసిన జనరల్ సర్జన్ చాలు. బోర్డు మీది రిజిస్ట్రేషన్ నంబరును రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితాలో సరిచూసుకోండి.