లీడ్స్‌లో నల్లని తెర, విశాఖలో 48 అంకెలు

ప్రశ్న: మా చెల్లెలు విదేశంలో చదువుకుంటోంది. నిన్నటి నుంచి తన ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదని ఏడుస్తోంది. అక్కడ తెలిసినవాళ్ళు లేరు, రిపేరుకు ఇస్తే చాలా డబ్బు అడుగుతున్నారట. నేను విశాఖపట్నంలో ఉన్నాను. ఫోనులో చెప్పి బాగుచేయించడం సాధ్యమేనా? ఎవరైనా చేశారా?

జవాబు:

చాలావరకు సాధ్యమే. కిందటి నవంబరులో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీకు పనికొచ్చే ముక్క అందులో ఉంటుంది.

ద్వారకానగర్‌లో నాకు చిన్న రిపేరు దుకాణం ఉంది. మా చెల్లి ఇంగ్లండులోని లీడ్స్‌లో ఎం.ఎస్సీ. చదువుతోంది. ఆ రాత్రి ఒంటిగంటన్నరకు ఫోను మోగింది. అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిది. "అన్నయ్యా, ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. రేపు మధ్యాహ్నం పన్నెండుకల్లా నా రిపోర్టు పంపాలి. మొత్తం అందులోనే ఉంది" అంది.

"ఆన్ కావడం లేదు" అనే మాట మా దుకాణంలో రోజూ వింటాను. కరెంటు అందకపోయినా, తెర ఒక్కటే వెలగకపోయినా, డిస్కు దొరకకపోయినా జనం వాడే మాట ఇదొక్కటే. ఎదురుగా ఉంటే నేనే చూసుకుంటాను. ఫోనులో ఆమె కళ్ళే నా కళ్ళు. అందుకే "ఏమైంది?" అని అడగకుండా, "ఏమి కనబడుతోంది, ఏమి వినబడుతోంది?" అని ఒక్కొక్కటే అడిగాను.

మొదట ప్లగ్గు. ఇక్కడి ఛార్జరు పిన్నులు అక్కడి సాకెట్లో పట్టవు కాబట్టి మధ్యలో ఒక అడాప్టరు వాడుతోంది. అవి వదులైపోతుంటాయి. "అదే అడాప్టరులో నీ ఫోను ఛార్జరు పెట్టి చూడమ్మా" అన్నాను. ఫోను ఛార్జ్ అయింది. ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న లైటు కూడా తెల్లగా వెలుగుతోందని చెప్పింది. అంటే కరెంటు లోపలికి వెళ్తోంది.

తరువాత పవర్ బటన్ నొక్కి, కీబోర్డుకు చెవి ఆనించి ఫ్యాను తిరుగుతోందేమో వినమన్నాను. ఏ శబ్దమూ లేదు. Caps Lock నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా అని అడిగాను. లేదంది. ఈ చిన్న పరీక్షను మీరూ తప్పకుండా చేయించండి. ఆ లైటు మాట వింటుంటే యంత్రం లోపల మేలుకునే ఉంది, తెర మాత్రమే పనిచేయడం లేదని అర్థం. అప్పుడు హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి, పని ఆగకుండా చేసుకోవచ్చు. అదే లైటు ఒక లెక్క ప్రకారం ఆగి ఆగి మెరుస్తుంటే, ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టించండి. చాలా కంపెనీలు లోపం ఎక్కడుందో ఆ లెక్కలోనే చెబుతాయి. మా చెల్లి విషయంలో రెండూ కావు.

అప్పుడు అడిగాను, చివరిసారి ఎప్పుడు పనిచేసిందని. మధ్యాహ్నం లైబ్రరీలో ఏదో అప్‌డేట్ వచ్చిందట. నల్లటి తెర మీద కంపెనీ గుర్తు, దాని కింద నెమ్మదిగా నిండుతున్న గీత. బస్సుకు వేళయిందని మూత మూసి సంచిలో పెట్టుకుంది. నాకు గుండె జారింది. ఆ గీత ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ది, అంటే విండోస్ కన్నా ముందు లేచి మదర్‌బోర్డును నడిపించే ప్రోగ్రాము మారుతున్నప్పుడు కనబడేది. అది సాగుతుండగా కరెంటు తీసేస్తే యంత్రం నిజంగానే పనికిరాకుండా పోవచ్చు. కాబట్టి మీ చెల్లెలు ఇలాంటి గీత గురించి చెబితే, ఛార్జరు పెట్టి ముందు ఒక గంట ముట్టుకోవద్దని చెప్పండి. మా చెల్లిది అప్పటికే ఆరు గంటలుగా చప్పుడు లేకుండా పడి ఉంది, ఇంకా ఏదో సాగుతోందనుకోవడానికి ఆస్కారం లేదు.

"ఛార్జరు తీసెయ్. మౌసుది, పెన్‌డ్రైవుది, ఏది గుచ్చి ఉన్నా లాగెయ్. ఇప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టు, నేను లెక్కపెడతాను, నలభై వచ్చేదాకా వేలు తీయకు" అన్నాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, ఊడదీయలేం. బ్యాటరీని, ఫ్యానును, పవర్ బటన్‌ను చూసుకునే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. అది బిగుసుకుపోతే బటన్ నొక్కినా ఎవరికీ చెప్పదు. అలా చాలాసేపు నొక్కిపడితే చాలా మోడళ్ళలో ఆ చిప్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, డిస్కులో ఉన్నదానికి ఏమీ కాదు. ఇదే యంత్రం నా బల్ల మీద ఉంటే తరువాత మూత విప్పి ర్యామ్ తీసి పెట్టేవాణ్ణి. మన బీచ్ రోడ్డు ఇళ్ళ నుంచి వచ్చేవాటిలో ఉప్పుగాలికి ర్యామ్ అంచులు పచ్చబడి ఉండటం చాలాసార్లు చూశాను. కానీ స్క్రూడ్రైవరు పట్టని పిల్ల చేత, రాత్రిపూట, ఫోనులో ఆ పని చేయించకూడదు. మీరూ చేయించకండి.

నలభై అన్నాక ఛార్జరు పెట్టించి, బటన్ ఒక్కసారి నొక్కమన్నాను. ఇరవై సెకన్లు ఏమీ లేదు. "అన్నయ్యా, ఫ్యాను!" అంది. తరువాత కంపెనీ గుర్తు వచ్చింది. మేమిద్దరం ఊపిరి పీల్చుకునేలోపు నీలిరంగు తెర వచ్చింది. పైన BitLocker recovery అని ఉంది, రికవరీ కీ టైపు చేయమంటోంది.

అసలు కథ ఇక్కడుంది, ఎక్కువమంది నష్టపోయేదీ ఇక్కడే.

ల్యాప్‌టాప్ కొత్తగా కొని మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినప్పుడు, చాలావాటిలో డిస్కుకు దానంతట అదే BitLocker అనే తాళం పడుతుంది. రోజూ ఆ తాళం తీసేది మదర్‌బోర్డు మీదుండే టీపీఎం అనే చిప్. యంత్రం లేచే తీరు నిన్నటిలాగే ఉందా అని చూసి, ఉంటేనే తాళంచెవి ఇస్తుంది. ఫర్మ్‌వేర్ మారితే లేచే తీరు మారినట్టే. అది దొంగ పనో అప్‌డేటో ఆ చిప్‌కు తెలియదు, అందుకే మనిషిని అడుగుతుంది. యంత్రం చెడిపోలేదు, మనల్ని గుర్తుపట్టలేదు, అంతే.

గదిలో ఉండే అమ్మాయి "Reset this PC నొక్కేస్తే అయిపోతుంది, నాకూ అలాగే చేశారు" అని సలహా ఇస్తోంది. ఫోనులో వినబడగానే గట్టిగా వద్దన్నాను. తాళం పడిన డిస్కును కీ లేకుండా రీసెట్ చేస్తే అందులోని ఫైళ్ళు పోయినట్టే. ఆ రిపోర్టూ, ఫోటోలూ ఇక ఎవరూ తేలేరు. కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా తెరవలేరు.

కీ ఎక్కడుంది? మొదట ఆమె యూనివర్సిటీ ఖాతాలో చూసింది, లేదు. సొంత ఖాతాలోకి వెళ్ళబోతే, నువ్వేనా అని ధ్రువీకరించడానికి ఇక్కడి పాత నంబరుకు కోడ్ పంపుతామంది. ఆ సిమ్ విశాఖలోనే మా అమ్మ బీరువాలో ఉంది, ఆగస్టు నుంచి రీఛార్జి లేదు. చెల్లి మౌనంగా ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ప్రయాణానికి వారం ముందు ఆ ల్యాప్‌టాప్‌ను మొదటిసారి తెరిచి సిద్ధం చేసింది నేను, నా ఖాతాతో. తన ఖాతా తరువాత కలుపుకుంది. తాళం పడిన రోజున ఏ ఖాతా ఉందో, కీ దాంట్లోకే చేరుతుంది.

లేచి నా కంప్యూటర్‌లో account.microsoft.com/devices/recoverykey తెరిచాను. మూడు కీలు కనబడ్డాయి, రెండు నా పాత యంత్రాలవి. ఏది ఆమెదో పేరును బట్టి ఊహించకూడదు. నీలి తెర మీద Recovery key ID అని అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడుగాటి వరుస ఉంటుంది. దాని మొదటి ఎనిమిది అక్షరాలు చదవమన్నాను. రెండోది సరిపోయింది.

ఆ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. సందేశంగా పంపవచ్చు, కానీ అది చాట్‌లో ఎప్పటికీ పడి ఉంటుంది. అందుకే చదివి, కాగితం మీద రాసుకోమన్నాను. లైను మధ్యమధ్య తెగుతోంది. సరిచూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ప్రతి గుంపునూ 11తో భాగిస్తే శేషం రాకూడదు. ఉదాహరణకు 135795 సరిగ్గా భాగం అవుతుంది. రెండంకెలు తారుమారై 135975 అని రాస్తే శేషం 4 వస్తుంది. ఆమె ఫోను కాలిక్యులేటరులో ఎనిమిదింటినీ చూసింది. ఆరో గుంపు తేడా వచ్చింది, మళ్ళీ చదివాను. టైపు చేసి Enter కొట్టింది. "అన్నయ్యా, నా వాల్‌పేపర్" అంది, బీచ్‌లో మా నాన్నగారి ఫోటో అది.

వెంటనే ఫోను పెట్టేయనివ్వలేదు. ముందు రిపోర్టును తనకే మెయిల్ చేసుకోమన్నాను. తరువాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిపించి ఇది కొట్టించాను:

```
manage-bde -protectors -get C:
```

ఇప్పుడున్న కీ తెర మీద కనబడుతుంది. కాగితంతో సరిపోయింది. ఒకసారి రీస్టార్ట్ చేయించాను, మళ్ళీ కీ అడగలేదు. మీ వాళ్ళకు ప్రతిసారీ అడుగుతుంటే, ఈ రెండూ వరుసగా కొట్టించండి. తాళం ఒకసారి సడలి, కొత్త ఫర్మ్‌వేర్‌ను గుర్తుపెట్టుకుని తిరిగి పడుతుంది:

```
manage-bde -protectors -disable C:
manage-bde -protectors -enable C:
```

ఆ ఆదివారమే ఆమె ఖాతా భద్రత వివరాలలో పాత నంబరు తీసేసి అక్కడి నంబరు, దానితోపాటు అమ్మ నంబరు చేర్పించాం. ఆ కీ కాగితం ఆమె దగ్గర ఒకటి ఉంది, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా పాస్‌పోర్టు ఫైలులో. ఇంకొకటి ఇక్కడ అమ్మ బీరువాలో, ఆ పాత సిమ్ పక్కనే ఉంది.

మీ చెల్లెలిని ముందు Caps Lock నొక్కమని, ఆ లైటు ఏం చేస్తోందో కనుక్కుని ఇక్కడ రాయండి. తరువాత ఏం చేయాలో చెబుతాను. నీలి తెర గనుక వస్తే, ఆ ల్యాప్‌టాప్‌ను మొదటిసారి ఎవరి ఖాతాతో తెరిచారో ఇంట్లో అందరినీ అడిగి ఉంచండి.