మీటరు వెనక్కి తిరగదు: చెన్నై కరెంటు బిల్లుపై తమిళంలో ఫిర్యాదు

సందేహం: చెన్నైలో అద్దెకుంటున్నాం. రెండు నెలలకు ఎప్పుడూ 400 యూనిట్లు అటూ ఇటుగా వస్తుంది. ఈ నెల వచ్చిన బిల్లులో 830 వేశారు. పాత రీడింగ్ 14,130, కొత్తది 14,960. కట్టకపోతే కరెంటు కట్ చేస్తారని టెన్షన్‌గా ఉంది. తమిళంలో ఫిర్యాదు ఎలా రాయాలి సార్?

జవాబు: రాయడానికి ముందు ఈరోజే మీటరు చూడండి. అందులో 14,960 కంటే తక్కువ ఉంటే కేసు సగం గెలిచినట్టే. ఉదాహరణకు 14,598 కనిపించిందనుకోండి. మీటరు వెనక్కి తిరగదు కాబట్టి 14,560ని 14,960గా రాసుకుని ఉండొచ్చు. తేదీ కనిపించేలా, మీటరు నంబరుతో సహా ఫోటో తీయండి. ఆలస్యం చేస్తే మీ వాడకమే ఆ అంకెను దాటేస్తుంది, సాక్ష్యం చెరిగిపోతుంది. పైగా తమిళనాడులో రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే స్లాబ్ పట్టికే మారుతుంది. మీకు పడిన భారం ఆ 400 యూనిట్ల ధర ఒక్కటే కాదు.

ఉత్తరం మీ సెక్షన్ ఆఫీసు అసిస్టెంట్ ఇంజనీరుకు, తమిళంలో ‘ఉదవి పొఱియాళర్’కు రాయాలి. పైన ‘అనుప్పునర్’ అని మీ చిరునామా, ‘పెఱునర్’ అని వారిది, తర్వాత ‘పొరుళ్’ అని విషయం. కింద ‘మిన్ ఇణైప్పు ఎణ్’, అంటే సర్వీసు నంబరు తప్పనిసరి. బాధంతా రాయకండి, రెండు రీడింగులు, తేదీలు చాలు. చివర ‘బిల్లై తిరుత్తి తరుమాఱు కేట్టుక్కొళ్గిఱేన్’ అనండి. బిల్లు సరిచేసి ఇవ్వమని కోరుతున్నానని అర్థం. కనెక్షన్ ఇంటి యజమాని పేరున ఉంటుంది కాబట్టి ఆయన సంతకం కూడా తీసుకుంటే ఆఫీసులో అభ్యంతరం రాదు. రెండో కాపీపై సీలు, తేదీ వేయించుకోండి. ఆ కాపీ లేకపోతే ఉత్తరం ఇచ్చినట్టు రుజువు ఉండదు.

కట్ విషయానికొస్తే, విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 56 ప్రకారం కనీసం 15 రోజుల లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లుపై వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు ప్రకారం వచ్చే మొత్తం, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడితే, వివాదం తేలేదాకా కట్ చేయకూడదు. మీకు ఆ సగటు గత మూడు బిల్లులది. ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని ఉత్తరంలోనే రాయండి. ఏమీ కట్టకుండా ఊరుకుంటే మాత్రం ఈ రక్షణ ఉండదు.

సెక్షన్ ఆఫీసు పట్టించుకోకపోతే సర్కిల్ స్థాయిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఒకవేళ మీటరులో నిజంగానే 14,960 దాటి ఉంటే ఈ ఉత్తరం పనికిరాదు. అప్పుడు రుసుము కట్టి మీటరు పరీక్ష అడగాలి. దానికి ముందు ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి చూడండి. అప్పుడూ అంకె కదులుతుంటే ఆ మాట దరఖాస్తులో రాయండి.