లీటరు పాలకు మనకెంత పడుతోంది?

చిరంజీవి శీనుకు, కళ్యాణదుర్గం నుంచి పెదనాన్న రాసేది.

నీ లెక్క చూశాను. పాలిచ్చే రెండు ఎనుముల దాణా, మేత కలిపి రోజుకు 400 రూపాయలు, పాలు 12 లీటర్లు. అంటే లీటరుకు 33 పడుతోంది, పాలకేంద్రంలో 56 ఇస్తున్నారు, అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదని రాశావు. మీ కొట్టంలో ఉన్నవి నాలుగు కదా, మిగతా రెండూ గాలి తిని బతుకుతున్నాయా?

వట్టిపోయిన ఆ రెండింటి మేత ఒక్కోదానికి 100 చొప్పున 200 వెయ్యి. శెనక్కాయ కట్టె మన చేలోదే అని వదిలెయ్యొద్దు, అమ్మితే వచ్చే ధరే దాని ఖరీదు. నీ కష్టానికి 200, మందులు, సూదులు, కరెంటుకు 40. నాలుగు ఎనుములూ ఏటేటా ముసలివై ధర తగ్గుతాయి, దానికి రోజుకు 90 అనుకో. మొత్తం 930. పేడ మీద వచ్చే 30 తీసేస్తే 900. పన్నెండు లీటర్లతో భాగిస్తే లీటరుకు 75 పడుతోంది! ఇంట్లో వాడుకున్న పాలు కూడా ఆ పన్నెండులో ఉండాలి సుమా.

అదే మూడు పాలిచ్చి ఒకటి వట్టిపోయి ఉంటే ఖర్చు 1000, పాలు 18 లీటర్లు, లీటరుకు 56 లోపే. అప్పుడు నీ కూలి నీకు గిట్టుతుంది. దాణా ధర మీద పోట్లాడటం కంటే ముందు చూడాల్సింది ఇదే.

ఎనుము చూడి పది నెలల పైన. పద్నాలుగు నెలలకో ఈత కావాలంటే ఈనిన నాలుగు నెలల్లోపే కట్టాలి. ఒక ఎద తప్పితే 21 రోజులు పోతాయి, అంటే 2,100 రూపాయల మేత. మన ఎండలకు ఎనుము ఎద బయటికి సరిగా చూపించదు, అరవదు కూడా. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు వెళ్లి చూడు: తీగలాంటి జిగురు కారుతుందేమో, మాటిమాటికీ మూత్రం పోస్తుందేమో, పాలు చేపకుండా బిగబడుతుందేమో. పొద్దున కనబడితే సాయంత్రం చూడి కట్టే సూది వేయించు.

ఎదకు రాలేదు కాబట్టి కట్టిందనుకోవడం పెద్ద పొరపాటు. నేనూ అలాగే ఆరు నెలలు ఒక ఖాళీ ఎనుమును చూడిదని మేపాను. పద్దెనిమిది వేలు నా చేతులారా పోగొట్టుకున్నా, మీ పెద్దమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. సూది వేయించిన మూడో నెలలో డాక్టరుతో చెయ్యి పెట్టి చూపించు. నిజంగా చూడిదైతే చివరి రెండు నెలలు మేత తగ్గించొద్దు, ఈనాక పాలు పడిపోతాయి.

ఈ వారంలోనే ఆ రెండింటినీ చూపించు. ఏది ఎప్పుడు ఈనిందో, ఎప్పుడు సూది వేయించావో తేదీలు రాసి పంపు. ఎన్నిసార్లు సూది వేయించినా కట్టనిది ఉంటే, అమ్మాలా ఉంచాలా అన్నది ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న